రాత్రి రెండింటికి తేలని పంచాయితీ

భార్యాభర్తల మధ్య నిద్ర గురించి వచ్చే తగాదాల్లో ఒక చిక్కు ఉంది. తప్పు ఎవరిదని అంటామో ఆ మనిషికి ఆ సమయంలో ఒంటి మీద తెలివి ఉండదు. గురక పెట్టేవాడికి తన గురక వినపడదు. "ఏమండీ, కాస్త అటు తిరిగి పడుకోండి" అని భుజం తట్టి లేపితే, "నేనింకా నిద్రే పోలేదు, గురకెక్కడిది?" అంటాడు. నిజంగానే అలా అనుకుంటాడు కూడా. గంట నుంచి మేలుకుని ఉన్న ఆమెకు మాత్రం అది పచ్చి అబద్ధంలా వినిపిస్తుంది. ఒక రాత్రి పోయిన నిద్ర ఆదివారం మధ్యాహ్నం ఓ కునుకుతో తీరొచ్చు. "నేను పడే బాధ ఈయనకు లెక్కే లేదు" అన్న మాట మనసులో పడితే మాత్రం అది అక్కడే ఉండిపోయి, రాత్రికి రాత్రి పేరుకుంటుంది.

అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆమీ గోర్డన్, సెరీనా చెన్ జంటల నిద్ర మీద చేసిన పరిశోధన 2014లో అచ్చయింది. సరిగా నిద్రపట్టని రాత్రి గడిచాక మర్నాడు గొడవలు ఎక్కువవుతాయని వాళ్లు గమనించారు. అది మనకూ అనుభవమే. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి చెప్పారు. ఇద్దరిలో ఒక్కరికి నిద్ర చాలకపోయినా సరే, ఆ గొడవ సర్దుకునే తీరు ఇద్దరికీ దెబ్బతింటుంది. ఎదుటి మనిషికి ఏమనిపిస్తోందో పసిగట్టే శక్తి తగ్గిపోతుంది. అలాంటప్పుడు గురక గురించి, ఏసీ గురించి రాత్రి రెండింటికి, అదీ మంచం మీద మాట్లాడటమంటే, మాట్లాడటానికి అన్నిటికన్నా పనికిరాని వేళను, చోటును ఎంచుకున్నట్టే.

ఇది ఎలా తెమల్చుకోవచ్చో ఒక ఇంట్లో పెట్టి చూద్దాం. ఊరు విజయవాడ, నెల మే అనుకోండి. ఆయనకు 47 ఏళ్లు, బట్టల షాపు. రాత్రి పదింటికి షట్టర్ దించి ఇంటికొచ్చి, పదిన్నరకు అన్నం తిని, పన్నెండున్నర దాకా హాల్లో ఫోను చూస్తూ కూర్చుంటాడు. ఆమెకు 43, బ్యాంకులో ఉద్యోగం. పొద్దున్నే ఐదింటికి లేస్తే గానీ వంట, క్యారియర్లు తెమలవు కాబట్టి పదిన్నరకల్లా నడుం వాలుస్తుంది. ఇల్లు డబుల్ బెడ్‌రూమే గానీ ఏసీ ఉన్నది ఒక్క గదిలోనే. వేసవి మూడు నెలలూ పిల్లలిద్దరూ కింద పరుపేసుకుని ఆ గదిలోనే పడుకుంటారు. అత్తగారు రెండో గదిలో కూలర్ పెట్టుకుని ఉంటారు.

పన్నెండున్నరకు ఆయన గదిలోకొచ్చి లైటు వేస్తాడు. బీరువా తలుపు కిర్రుమంటుంది. ఏసీని 26 నుంచి 18కి దించుతాడు. ఒంటిగంటకు గురక మొదలవుతుంది. రెండింటికి ఆమె దిండు చంకన పెట్టుకుని హాల్లోకి పోతుంది. మే నెలలో, ఉత్త ఫ్యాను కింద. తెల్లారి అత్తగారు "ఏమ్మా, హాల్లో పడుకున్నావేం?" అని అడిగితే ఏం చెప్పాలో తోచదు. "వేరే గదిలో పడుకోండి, పోయేదేముంది" అని సలహా ఇచ్చేవాళ్లు ఇలాంటి ఇళ్లు చూసి ఉండరు.

ఇక్కడ మూడు తగువులు ఉన్నట్టు కనిపిస్తుంది: గురక, ఆలస్యంగా రావడం, ఏసీ. మూడింటినీ ఒకేసారి ముందేసుకుంటే, "నువ్వు ఏసీ విషయంలో పట్టుబట్టావు కాబట్టి నేను ఫోను విషయంలో..." అని బేరంలోకి దిగుతారు. మొదట గురక తేల్చుకోవాలి. అది ఒక్కటే జబ్బుకు సూచన అయ్యే అవకాశం ఉన్నది. పైగా మిగతా రెండింటి వేళ్లు కొంతవరకు దానిలోనే ఉండొచ్చు.

నిద్ర పట్టాక గొంతులోని కండరాలు సడలుతాయి. మెత్తటి అంగిలి, కొండనాలుక, నాలుక మొదలు వెనక్కి జారి గాలి పోయే దారిని ఇరుకు చేస్తాయి. ఆ ఇరుకులోంచి గాలి పోతుంటే, గాలికి గుడ్డ రెపరెపలాడినట్టు ఆ భాగాలు కదులుతాయి. ఆ చప్పుడే గురక. వెల్లకిలా పడుకుంటే నాలుక ఇంకా వెనక్కి జారుతుంది. మెడ చుట్టూ కొవ్వు చేరినా, ముక్కు దిబ్బడేసినా, పడుకునే ముందు మందు పుచ్చుకున్నా ఎక్కువవుతుంది. దారి ఇరుకవడంతో ఆగకుండా పూర్తిగా మూసుకుపోతేనే అసలు ప్రమాదం. పది సెకన్లో, ఇరవై సెకన్లో ఊపిరి ఆడదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, పెద్ద గుటకతోనో దగ్గుతోనో గురక మళ్లీ అందుకుంటుంది. మనిషికి మెలకువ వచ్చినట్టు గుర్తే ఉండదు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. ఏళ్ల తరబడి వదిలేస్తే బీపీ పెరుగుతుంది, గుండెకూ భారమే.

కాబట్టి రాత్రి మేలుకుని ఉన్న ఆమె ఫిర్యాదుదారు మాత్రమే కాదు, ఉన్న ఏకైక సాక్షి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు జవాబు ఆమె దగ్గరే ఉంటుంది: గురక ఒకే తీరున సాగుతోందా, మధ్యలో ఆగి నిశ్శబ్దమై మళ్లీ ఒక్క ఉదుటున మొదలవుతోందా? రెండో రకమైతే ఆలస్యం చేయకూడదు.

మన ఇంటి ఆమె ఒక రాత్రి ఫోనులో పావుగంట రికార్డు చేసిందనుకుందాం. తర్వాతి ఆదివారం సాయంత్రం టీ తాగుతూ, పిల్లలు బయటికెళ్లినప్పుడు, ఆయనొక్కడికే వినిపించింది. ఇక్కడ చాలామంది తొందరపడతారు. నలుగురిలో వినిపించి నవ్విస్తారు. బామ్మర్ది ముందు నవ్వులపాలైన మగవాడు డాక్టరు దగ్గరికి వెళ్లడు సరికదా, మంచం మీదే మొండికేస్తాడు. ఆమె అన్న మాట కూడా చూడండి. "మీ గురకతో చస్తున్నాను" అనలేదు. "మధ్యలో మీ ఊపిరి ఆగుతోందండీ. ఇదిగో, ఇక్కడ వినండి. నాకు భయమేస్తోంది" అంది. తనకు కలిగే ఇబ్బందిని దాచమని కాదు, దాన్ని తర్వాత చెప్పొచ్చు. ముందు వినిపించాల్సింది ఆ ఆగిపోయిన పది సెకన్లను.

డాక్టర్లు వాడే చిన్న ప్రశ్నావళి ఒకటుంది, స్టాప్-బ్యాంగ్ అని. ఎనిమిది ప్రశ్నలు, అవునంటే ఒక మార్కు. గట్టిగా గురక పెడతారా, పగలు అలసటగా నిద్రమత్తుగా ఉంటుందా, ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బరువు బాగా ఎక్కువా, వయసు 50 దాటిందా, మెడ లావా, మగవారా? మూడు గానీ అంతకు మించి గానీ వస్తే అనుమానించాలి, ఐదు గానీ అంతకు మించి గానీ వస్తే గట్టిగా అనుమానించాలి. ఆయన లెక్క చూస్తే: గురక ఉంది, మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర కునికిపాట్లు ఉన్నాయి, ఊపిరి ఆగడం ఆమె చూసింది, బీపీ మాత్ర రెండేళ్లుగా వేసుకుంటున్నాడు, మగవాడు. ఐదు. ఇది జబ్బు ఉందని తేల్చదు, పరీక్ష చేయించుకోమంటుంది, అంతే. ఈఎన్‌టీ డాక్టరుగానీ, ఊపిరితిత్తుల డాక్టరుగానీ స్లీప్ స్టడీ రాస్తారు. చాలామందికి ఇప్పుడు ఇంట్లోనే చేస్తున్నారు. వేలికి, ముక్కుకి, ఛాతీకి తీగలు తగిలించి ఒక రాత్రి పడుకోబెడతారు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, సన్నగిల్లిందో లెక్కేస్తారు. ఐదు లోపయితే మామూలు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

ఆయనకు 22 వచ్చిందనుకోండి. డాక్టరు సీప్యాప్ రాస్తాడు. ముక్కుకు చిన్న మాస్కు, దాని నుంచి గొట్టం, మంచం పక్కన చిన్న యంత్రం. గాలిని కొద్ది ఒత్తిడితో పంపుతూ గొంతు మూసుకుపోకుండా తెరిచి ఉంచుతుంది. ఆస్ట్రేలియాలో కోలిన్ సల్లివాన్ 1981లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. మాస్కు చూడగానే "ఇదేంటి, ఐసీయూలోలా" అని మొహం ముడుచుకోవడం మామూలే. పక్కన పడుకునేవాళ్లకు జరిగే మేలు మాత్రం అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు 1999లోనే కొలిచి చూపించారు. చిన్న పరిశోధనే, పది జంటల మీద చేసింది. భర్తకు సీప్యాప్ పెట్టిన రాత్రి భార్యకు సగటున ఓ గంట నిద్ర అదనంగా దొరికింది.

మొదటి నెలే కష్టం. చాలామంది తెల్లవారుజామున మూడింటికి మాస్కు పీకేసి, అదీ తెలియకుండానే, పక్కన పడేస్తారు. కారణం తరచుగా చిన్నదే. మాస్కు సైజు సరిపోక పక్కల నుంచి గాలి కళ్లలోకి కొడుతుంది, లేదా నోరు ఎండిపోతుంది. సైజు మార్పించుకోవాలి, యంత్రంలో నీళ్ల తొట్టి వాడాలి, మొదట్లో తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగేలా పెట్టించుకోవాలి. సాయంత్రం టీవీ చూసేటప్పుడు ఓ అరగంట పెట్టుకుంటే మొహానికి అలవాటవుతుంది. కొనేముందు కొన్నాళ్లు అద్దెకు తెచ్చుకోవడం తెలివైన పని. ఇక్కడ ఆమె ఒక పని చేయకూడదు. పొద్దున్నే లేచి "మళ్లీ పీకేశారుగా" అని హాజరు తీసుకోకూడదు. ఎన్ని గంటలు వాడారో యంత్రమే రాసిపెడుతుంది. ఆ లెక్క డాక్టరుకూ ఆయనకూ మధ్య ఉండనివ్వడం మేలు.

పరీక్షలో ఏమీ లేదని, ఉత్త గురకేనని తేలిన ఇళ్లలో దారి వేరు. వెల్లకిలా పడుకున్నప్పుడే గురక వస్తుంటే పక్కకు తిరిగి పడుకోవడమే మందు. పాత బనీను వీపు మీద జేబు కుట్టి టెన్నిస్ బంతి పెడితే, వెల్లకిలా తిరగ్గానే గుచ్చుకుంటుంది. చూడ్డానికి నవ్వొస్తుంది గానీ కొంతమందికి బాగానే పనిచేస్తుంది. ముక్కు దిబ్బడకు చికిత్స చేయించుకోవాలి. బరువు కొంచెం తగ్గినా తేడా కనిపిస్తుంది. మందు తాగే అలవాటుంటే నిద్రకు బాగా ముందే ఆపాలి. నిద్రమాత్రలు డాక్టరును అడక్కుండా వేసుకోకూడదు, కొన్ని గొంతు కండరాలను ఇంకా సడలిస్తాయి. నోటికి టేపు అంటించుకునే పిచ్చి ఈమధ్య బయల్దేరింది. పరీక్ష చేయించుకోని గురక మనిషి ఆ పని చేయకపోవడమే మంచిది.

ఇక ఏసీ. పడుకునే వేళకు ఒంటి లోపలి వేడి తగ్గడం మొదలవుతుంది, దాదాపు ఒక డిగ్రీ దాకా. తెల్లవారే ముందు, మెలకువకు రెండు మూడు గంటల ముందు, అది అట్టడుగుకు చేరుతుంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర కూడా ఆ జాముల్లోనే ఎక్కువ. ఆ నిద్రలో వణికి వేడి పుట్టించుకునే పని శరీరం దాదాపు మానేస్తుంది. అందుకే రాత్రి పన్నెండింటికి హాయిగా ఉన్న 22 డిగ్రీలు నాలుగింటికి కాళ్లు కొంకర్లు పోయేలా చేస్తాయి. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నా వేర్వేరు గంటల గురించి వాదించుకుంటున్నారన్న మాట. ఆయన చెప్పేది పన్నెండున్నర వేడి గురించి, ఆమె చెప్పేది నాలుగింటి చలి గురించి. ఇద్దరిదీ నిజమే. పైగా ఆప్నియా ఉన్నవాళ్లలో చాలామందికి రాత్రి చెమటలు పడతాయి. ఊపిరి కోసం రాత్రంతా పెనుగులాడుతున్న ఒళ్లు మరి. చికిత్స కుదిరాక ఆయనే ఏసీ పెంచమనొచ్చు. అందుకే గురక సంగతి ముందు చూడాలన్నది.

18 పెట్టినంత మాత్రాన మామూలు ఏసీలో గది తొందరగా చల్లబడదు. ఆగకుండా ఎక్కువసేపు నడుస్తుంది, అంతే. బిల్లు వస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని లెక్క. ఈ ఇంట్లో కుదిరిన ఏర్పాటు ఇలా ఉంటుంది: తొమ్మిదిన్నరకే తలుపులు మూసి 24 మీద గది చల్లబరిచి ఉంచడం, పడుకున్నాక 25 పెట్టి సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిప్పడం. ఒంటికి గాలి తగులుతుంటే 25 కూడా చల్లగానే అనిపిస్తుంది. రెండున్నర నుంచి 27కి మారేలా టైమరో స్లీప్ మోడో పెట్టడం. అన్నిటికంటే ముందు ఏసీ గాలి నేరుగా ఎవరి మీద పడుతోందో చూడాలి. చాలా ఇళ్లలో అది చలి మనిషి వైపే పడుతుంటుంది. మంచం మీద చోట్లు మార్చుకుంటే సగం గొడవ అక్కడే పోతుంది. ఒకే దుప్పటి లాక్కోవడం మాని ఆమెకు రగ్గు, ఆయనకు పల్చటి దుప్పటి విడివిడిగా ఉంటే ఇంకొంత పోతుంది.

వయసు పెరిగే కొద్దీ ఈ పాత్రలు తారుమారవడమూ ఉంది. నెలసరి ఆగే వయసులో ఆడవాళ్లకు రాత్రిపూట ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతాయి. నిన్నటిదాకా రగ్గు కప్పుకున్న ఆమే ఏసీ తగ్గించమంటుంది. అప్పుడు "ఇన్నాళ్లూ నన్ను తిట్టావుగా" అని పాత లెక్కలు తీసే భర్తలుంటారు. వాళ్లకు చెప్పేదేమీ లేదు.

నిద్రవేళల సంగతికొస్తే, ఇద్దరూ ఒకే సమయానికి పడుకోవాలన్న పట్టుదల దేనికో నాకు అర్థం కాదు. ఎవరికి ఎప్పుడు నిద్ర ముంచుకొస్తుందనేది చాలావరకు ఒంట్లోని గడియారం నిర్ణయిస్తుంది. ఆ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు శాస్త్రవేత్తలకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. పదిన్నరకు బలవంతంగా పడుకోబెట్టిన మనిషి దొర్లుతూ పక్కవాళ్లను కూడా లేపుతాడు. అయితే ఈయన మెలకువలో కొంత గడియారానిది, కొంత ఫోనుది. పదిన్నరకు తిన్న అన్నం కూడా ఉంది. షాపులోనే ఎనిమిదిన్నరకు క్యారియర్ తినేసి, పొద్దున పూట ఎండ తగిలేలా ఓ అరగంట నడిస్తే, కొన్ని వారాల్లో పన్నెండున్నర కాస్తా పదకొండున్నర కావచ్చు. అంతకంటే ముందుకు లాగాలని చూడనక్కర్లేదు.

అసలు బాధ ఆలస్యంగా పడుకోవడం కాదు, వచ్చి లేపడం. గాఢనిద్ర రాత్రి మొదటి సగంలోనే ఎక్కువ. పదిన్నరకు పడుకున్న మనిషిని పన్నెండున్నరకు లేపితే మంచి నిద్ర మధ్యలో కోసినట్టే. అందుకని ఆయన లుంగీ, బీపీ మాత్ర, చార్జర్ ముందే హాల్లో ఉండాలి. బీరువా రాత్రి పది తర్వాత తెరవకూడదు, కీళ్లకు కొబ్బరినూనె చుక్క వేయాలి. గదిలో కింద గోడకు చిన్న లైటు ఉంటే చాలు. ఆమె వైపు నుంచి కూడా ఒకటుంది. ఐదింటికి మోగి, ఆపితే మళ్లీ పది నిమిషాలకు మోగే అలారం. ఆలస్యంగా పడుకున్నవాడికి ఆ వేళే నిద్ర బాగా పట్టి ఉంటుంది. చేతికి కట్టుకునే పట్టీ వణికి లేపేలా పెట్టుకుంటే ఆయన నిద్ర మిగులుతుంది. ఇది ఆమెకు పెద్ద పనేం కాదు. కానీ ఇద్దరూ ఏదో ఒకటి వదులుకున్నప్పుడే ఇది ఏర్పాటు అవుతుంది, లేకపోతే శిక్ష అవుతుంది. వేర్వేరు వేళలకు పడుకుంటే మాటా మంచీ ఎప్పుడనే దిగులుంటే, షాపు నుంచి రాగానే ఆమె పక్కన పావుగంట నడుం వాల్చి, ఆమెకు నిద్ర పట్టాక లేచి హాల్లోకి వెళ్లొచ్చు.

ఇన్ని చేసినా కొన్ని రాత్రులు వేరుగా పడుకోక తప్పదు. జలుబు చేసి మాస్కు పెట్టుకోలేని రాత్రి, ఆమెకు మర్నాడు ఆడిట్ ఉన్న రాత్రి. అప్పుడు పరుపు హాల్లో పదింటికే వేసి ఉండాలి, కూలర్ హాల్లోకి తెచ్చి పెట్టుకోవాలి. రెండింటికి దిండు విసురుగా లాక్కుని పోవడానికీ, భోజనాల దగ్గరే "ఈ రాత్రి నేను హాల్లో" అనుకోవడానికీ తేడా ఉంది. మొదటిది తగువు, రెండోది పథకం. ప్రతిసారీ పోయేది ఒక్కరే కాకూడదు. గురక తనదైనప్పుడు తానే లేచి హాల్లోకి పోవడంలో ఆయనకు పోయే పరువేమీ లేదు. అత్తగారికి కూడా కొడుకే చెప్పాలి: "నాకు గురకమ్మా, తనకు నిద్ర పట్టట్లేదు, అందుకే." ఆ ఒక్క వాక్యం కోడలి నోటి నుంచి వస్తే ఫిర్యాదవుతుంది. పరీక్ష కాకముందే శాశ్వతంగా గదులు వేరు చేసుకోవడం మాత్రం సరికాదు. ఊపిరి ఆగడం చూసే మనిషి లేకుండా పోతుంది.

కరెంటు పోయే రాత్రుల గురించి కూడా ముందే అనుకోవాలి. ఇంటి ఇన్వర్టర్ మీద సీప్యాప్ నడుస్తుంది, ఏసీ నడవదు. నీళ్ల తొట్టి వేడి చేసే భాగం ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ఈ ఏర్పాటు మేకి కుదిరింది. డిసెంబరుకి పిల్లలు వాళ్ల గదిలోకి పోతారు, ఏసీ ఆగుతుంది, అప్పుడు ఆయనకు ఫ్యాను కావాలి, ఆమెకు వద్దు. ఆ మాట కూడా నవంబరులో ఏదో ఒక ఆదివారం సాయంత్రం టీ దగ్గర తేల్చుకోవాల్సిందే.